మిల్లీమీటరు వానకు లీటరు లెక్క: పెరటిలో రెండు వర్షమాపకాల ప్రాజెక్టు డైరీ

రోహిణి కార్తె: పని మొదలుపెట్టక ముందు వేసుకున్న లెక్క

ఈ వానాకాలం మా ఊళ్లో పడే వర్షాన్ని రెండు విధాలుగా కొలిచి, రెండు కొలతలనూ ప్రతి ఉదయం పక్కపక్కన రాసిపెట్టాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ఒకటి చేత్తో కొలిచే సీసా వర్షమాపకం, దాన్ని పైపు ముక్కతో నేనే తయారు చేస్తాను. రెండవది టిప్పింగ్ బకెట్ వర్షమాపకం, దాన్ని కొని తెచ్చాను. ఈ రెండింటి అంకెలు ఎప్పుడు కలుస్తాయి, ఎప్పుడు కలవవు, కలవనప్పుడు తేడా ఎక్కడి నుంచి వస్తుంది అన్నది తెలుసుకోవాలంటే, అసలు మిల్లీమీటరు వాన అంటే ఏమిటో ముందుగా కాగితం మీద తేల్చుకోవాలి.

వానను మిల్లీమీటర్లలో చెప్పినప్పుడు మనం చెబుతున్నది నీటి లోతు. పడిన నీరు పారిపోకుండా, ఇంకిపోకుండా, ఆవిరి కాకుండా పడిన చోటే నిలిచి ఉంటే ఎంత లోతున నిలిచేదో అదే వర్షపాతం. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న చదునైన నేల మీద ఒక మిల్లీమీటరు లోతున నీరు నిలిచిందనుకుంటే, ఆ నీటి ఘనపరిమాణం 1 మీ. × 1 మీ. × 0.001 మీ., అంటే ఘనపు మీటరులో వెయ్యో వంతు అవుతుంది. ఒక ఘనపు మీటరులో వెయ్యి లీటర్లు ఉంటాయి కనుక ఆ వెయ్యో వంతు సరిగ్గా ఒక లీటరు. ఇది ఉజ్జాయింపు కాదు. చదరపు మీటరుకు ఒక లీటరు, ఒక మిల్లీమీటరు అనేవి ఒకే కొలతకు రెండు పేర్లు.

నిలువు గోడలున్న ఏ పాత్రను వానలో పెట్టినా, అది పెద్దదైనా చిన్నదైనా, అందులో నిలిచే లోతు ఒక్కటే. నోరు పెద్దదైతే నీరు ఎక్కువ పడుతుంది, కాని ఆ నీరు పరుచుకోవలసిన అడుగు కూడా అంతే పెద్దది. అందువల్ల నిలువు గోడల డబ్బాలో స్కేలు ముంచి చూసినా వర్షపాతం తెలుస్తుంది. చిక్కు ఏమిటంటే, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతును స్కేలుతో నమ్మకంగా చదవలేము. అందుకే వర్షమాపకంలో వెడల్పైన నోటితో పట్టిన నీటిని గరాటు ద్వారా సన్నని సీసాలోకి దింపుతారు. నోటి వైశాల్యంలో పదో వంతు అడ్డుకోత ఉన్న గొట్టంలోకి ఆ నీటిని పోస్తే, ఒక మిల్లీమీటరు వాన అక్కడ పది మిల్లీమీటర్ల ఎత్తున నిలబడుతుంది. వర్షమాపకంతో పాటు ఇచ్చే కొలత గ్లాసు మీద గీతలు అలా గీసినవే. కాబట్టి ఒక వర్షమాపకపు గ్లాసు వేరే వర్షమాపకానికి పనికిరాదు. మన వాతావరణ శాఖ వాడే ఫైబర్ వర్షమాపకాలలో నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు ఉన్నవీ, 100 ఉన్నవీ రెండు రకాలున్నాయి. మొదటి దానిలో ఒక మిల్లీమీటరు అంటే 20 మిల్లీలీటర్లు, రెండవ దానిలో 10. మొదటి దాని గ్లాసుతో రెండవ దానిలోని నీటిని కొలిస్తే, పడిన వానలో సగమే పడినట్టు చూపుతుంది.

ఈ లెక్కంతా ఒకే భాగహారంగా మారుతుంది: పట్టిన నీరు మిల్లీలీటర్లలో, దాన్ని నోటి వైశాల్యంతో భాగించి పదితో గుణిస్తే మిల్లీమీటర్లు.

```
వాన (మి.మీ.) = 10 × నీరు (మి.లీ.) ÷ నోటి వైశాల్యం (చ.సెం.మీ.)
```

ఈ సూత్రంలో ఉన్నవి రెండే రాశులు కనుక, తప్పు జరిగితే అది నీటి కొలతలోనైనా ఉండాలి, నోటి కొలతలోనైనా ఉండాలి. నీటి కొలతను అందరూ జాగ్రత్తగానే చూస్తారు. నా దృష్టిలో ఎక్కువ శ్రద్ధ అడిగేది నోరే.

మృగశిర కార్తె: సీసా వర్షమాపకం తయారీ

బోరు పనులకు వాడే 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క ఒకటి దొరికింది. 160 అనేది పైపు బయటి వ్యాసం. గోడ మందం నాలుగు మిల్లీమీటర్లు కాబట్టి లోపలి వ్యాసం 152 వస్తుంది. వెర్నియర్ కాలిపర్స్‌తో నాలుగైదు దిక్కుల్లో కొలిచి సగటు తీసినప్పుడు కూడా 152 మిల్లీమీటర్లే వచ్చింది. నిల్వ ఉంచిన పైపులు కొద్దిగా కోలగా మారుతుంటాయి, అందుచేత ఒక్క దిక్కున కొలిచి వదిలేయకూడదు. 15.2 సెంటీమీటర్ల వ్యాసానికి వైశాల్యం 181.5 చదరపు సెంటీమీటర్లు, అంటే నా వర్షమాపకంలో ఒక మిల్లీమీటరు వానకు 18.15 మిల్లీలీటర్ల నీరు పడాలి.

పైపు మీద ముద్రించిన 160 అంకెను పట్టుకుని లెక్క వేస్తే వైశాల్యం 201 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అప్పుడు ప్రతి వానా నిజం కన్నా పదింట ఒక వంతు తక్కువగా నమోదవుతుంది. వ్యాసం వైశాల్యంలోకి రెండుసార్లు వస్తుంది కనుక, వ్యాసంలో ఒకే ఒక్క మిల్లీమీటరు పొరపాటు కూడా వర్షపాతంలో 1.3 శాతం తేడా తెస్తుంది. ఇంట్లో చేసుకునే వర్షమాపకాలకూ అధికారిక కేంద్రాలకూ అంకెలు కలవనప్పుడు నేను మొదట అనుమానించేది దీన్నే.

లోపలి వ్యాసం తీసుకోవడంతోనే విషయం తేలిపోదు. పైపు అంచు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున చదునుగా ఉంటే, దాని మీద పడిన చినుకు కొంత లోపలికి, కొంత బయటికి చిట్లుతుంది. ఎంత లోపలికి వచ్చిందో చెప్పడానికి వీలుండదు. అందువల్ల ఆకురాయితో అంచును బయటి వైపు మాత్రమే ఏటవాలుగా అరగదీశాను. లోపలి గోడ నిలువుగా అలాగే ఉంది, అంచు మాత్రం పలుచని గీతలా మిగిలింది. ఇప్పుడు ఆ గీతకు లోపల పడిన చినుకు మొత్తం లోపలికి, బయట పడినది మొత్తం బయటికి పోతుంది. కర్మాగారంలో తయారైన వర్షమాపకాలకు ఇత్తడి లేదా గన్‌మెటల్ కట్టు వేసి అంచును పదునుగా ఉంచడానికి కారణం ఇదే.

గరాటును అంచు నుంచి 15 సెంటీమీటర్ల లోతున అమర్చి, చుట్టూ సిలికాన్‌తో మూశాను. గరాటు పైకి ఉంటే జోరు వానలో చినుకులు దాని మీద పడి ఎగిరి బయటికి పోతాయి. లోతున ఉంటే ఎగిరిన తుంపర నిలువు గోడకు తగిలి మళ్లీ కిందికే జారుతుంది. గరాటు కాడ సన్నగా ఉండి సీసా మూతిలోకి దిగుతుంది. దీనివల్ల పగటి ఎండకు సీసాలోని నీరు ఆవిరి కావడం బాగా తగ్గుతుంది.

నీటిని గ్లాసులో పోసి చదవడం కంటే తూచడం మేలని నిర్ణయించుకున్నాను. సీసాను నీటితో సహా వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి, ఖాళీ సీసా బరువు తీసివేస్తే సరిపోతుంది. సీసా గోడలకు అంటుకుని ఉండిపోయే నీరు కూడా లెక్కలోకి వస్తుంది. ఒక మిల్లీలీటరు నీరు ఒక గ్రాము అన్నది చల్లటి నీటికి దాదాపు సరిగ్గా వర్తిస్తుంది. 27 డిగ్రీల దగ్గర మిల్లీలీటరు బరువు 0.9965 గ్రాములు ఉంటుంది కనుక పెద్ద వానలకు ఆ సవరణ కూడా వేస్తున్నాను.

పరీక్షగా, పొడిగా ఉన్న వర్షమాపకంలో 500 గ్రాముల నీటిని తూచి నెమ్మదిగా పోస్తే సీసాలోకి 497 గ్రాములు దిగాయి. వెంటనే మళ్లీ 500 పోస్తే 500 గ్రాములూ దిగాయి. ఎక్కడా కారడం లేదని రెండవ ఫలితం చెబుతోంది. మొదటిసారి తగ్గిన మూడు గ్రాములు పైపు గోడనూ గరాటునూ తడపడానికి పోయిన నీరు. అది 0.17 మిల్లీమీటర్ల వానతో సమానం. పొడిగా ఉన్న వర్షమాపకం మీద వాన మొదలైన ప్రతిసారీ ఇంత నీరు కొలతకు అందకుండా ఆరిపోతుంది. యాభై మిల్లీమీటర్ల వానలో ఇది లెక్కలోకి రాదు. అర మిల్లీమీటరు తుంపరలో మాత్రం మూడో వంతు ఇందులోనే పోతుంది.

మృగశిర చివర: ఎక్కడ నిలపాలి

డాబా మీద పెడితే సౌకర్యంగా ఉంటుంది, కోళ్లూ మేకలూ రావు. అయినా డాబాను వద్దనుకున్నాను. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది. పిట్టగోడకు తగిలిన గాలి పైకి లేచి, వర్షమాపకం నోటి మీదుగా పోతూ సన్న చినుకులను తనతో తీసుకుపోతుంది. ఆ నీరు నోట్లో పడదు, కనుక ఎంత శ్రద్ధగా తూచినా తిరిగి రాదు. వాతావరణ శాఖ సాధారణ వర్షమాపకాన్ని నేల నుంచి దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తున అంచు ఉండేలా పాతడానికి కారణం ఈ గాలే. మరీ నేలకు ఆనించి పెడితే నేల మీద పడిన చినుకులు చిట్లి లోపల పడతాయి. చుట్టూ సిమెంటు కాకుండా గడ్డి ఉండాలనడం కూడా అందుకే.

పెరట్లో ఆరు మీటర్ల ఎత్తున్న వేపచెట్టు ఉంది. అడ్డంకి ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెట్టింపు దూరంలో వర్షమాపకం ఉండాలన్నది నియమం, నాలుగు రెట్లు ఉంటే ఇంకా మంచిది. చెట్టుకు పన్నెండు మీటర్లు దాటి, ఇంటి గోడకు కూడా అదే లెక్కన దూరంగా ఉన్న చోటు పెరట్లో ఒక మూలన మాత్రమే దొరికింది. రెండు వర్షమాపకాలనూ అక్కడే, ఒకదానికొకటి ఒకటిన్నర మీటరు ఎడంగా, అంచులు ఒకే ఎత్తున ఉండేలా నిలిపాను.

అంచు మీద రెండు దిక్కులా రసమట్టం పెట్టి చూడటం తప్పనిసరి. వర్షపాతం లెక్కలోకి వచ్చేది నేలకు సమాంతరంగా ఉన్న వైశాల్యం మాత్రమే. పది డిగ్రీలు వాలిన నోరు నిట్టనిలువుగా పడే వానను 1.5 శాతం తక్కువగా పడుతుంది. గాలివాటున ఏటవాలుగా పడే వానలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది, వాలు గాలికి ఎదురైతే ఎక్కువ, వెనకైతే తక్కువ.

ఆరుద్ర కార్తె: టిప్పింగ్ బకెట్‌కు తూకం కుదర్చడం

టిప్పింగ్ బకెట్ వర్షమాపకం లోపల గరాటు కింద రెండు చిన్న దొప్పలు వీపులు ఆనించి, మధ్యలో ఇరుసు మీద నిలబడి ఉంటాయి. పైకి ఉన్న దొప్పలో నీరు పడుతుంది. నిర్ణీత పరిమాణం నిండగానే దొప్ప బరువుకు ఒరిగి నీటిని కిందికి పారబోస్తుంది, అదే క్షణంలో రెండవ దొప్ప గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ దానికి అతికించిన అయస్కాంతం రీడ్ స్విచ్ ముందు నుంచి దాటి, స్విచ్‌ను ఒక్క క్షణం కలుపుతుంది. ఆ కలయికను లెక్కపెట్టి, గడియారంలోని సమయాన్ని మెమరీ కార్డులో రాయడం మాత్రమే ఎలక్ట్రానిక్స్ పని. అంటే ఈ పరికరం వానను నేరుగా కొలవదు. సమానమైన చిన్న చిన్న వాటాలుగా నీటిని విడగొట్టి, వాటాలను లెక్కిస్తుంది.

నేను తెచ్చిన దానికి నోటి వ్యాసం 200 మిల్లీమీటర్లు, వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో ఒరుగుకు 0.2 మిల్లీమీటర్లని తయారీదారు రాశారు. చదరపు మీటరుకు 0.2 లీటర్లు అన్నమాట. 314 చదరపు సెంటీమీటర్ల నోటికి ఇది 6.28 మిల్లీలీటర్లు. కాబట్టి 628 మిల్లీలీటర్ల నీటిని లోపలికి పంపితే దొప్పలు సరిగ్గా వందసార్లు ఒరగాలి. అది 20 మిల్లీమీటర్ల వానతో సమానం.

స్విచ్ కలిసే క్షణంలో దాని రేకులు కొద్దిసేపు అదురుతాయి. ఆ అదురును కంట్రోలర్ నాలుగైదు ఒరుగులుగా లెక్కపెట్టకుండా, ఒక లెక్క తరువాత 200 మిల్లీసెకన్ల పాటు వచ్చే సంకేతాలను వదిలేసేలా రాశాను:

```cpp
volatile unsigned long lastTip = 0;
volatile unsigned int tips = 0;

void onTip() {
  unsigned long now = millis();
  if (now - lastTip > 200) {
    tips++;
    lastTip = now;
  }
}
```

ఎంతటి కుండపోతలోనైనా రెండు ఒరుగుల మధ్య మూడు నాలుగు సెకన్లు ఉంటుంది కనుక, ఈ 200 మిల్లీసెకన్ల విరామం వల్ల నిజమైన ఒరుగు ఏదీ తప్పిపోదు.

తూకం కుదర్చడానికి సెలైన్ పెట్టే గొట్టాన్ని వాడాను. దాని మీద ఉండే చిన్న చక్రంతో నీటి వేగాన్ని అదుపు చేయవచ్చు. 628 మిల్లీలీటర్లు ఒక గంటలో దిగేలా, అంటే గంటకు 20 మిల్లీమీటర్ల జోరుతో, పంపినప్పుడు లెక్క 103 వచ్చింది. దొప్ప నిండకముందే ఒరుగుతోందన్నమాట, ఒక్కో ఒరుగుకు 6.28 బదులు 6.10 మిల్లీలీటర్లే పడుతోంది. దొప్పల కింద ఉండే రెండు మరలను సమానంగా కొద్దిగా కిందికి దింపితే, పక్కకు వాలిన దొప్ప ఇంకా కిందికి వెళుతుంది, పైనున్న దొప్ప ఒరగడానికి మరికొంత నీరు కావలసివస్తుంది. అలా దింపి మళ్లీ చూస్తూ, చివరికి వందకు తెచ్చాను. రెండు మరలనూ సమంగా తిప్పకపోతే ఒక దొప్ప త్వరగా, ఒక దొప్ప ఆలస్యంగా ఒరుగుతుంది. మొత్తం లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, కాని ఒరుగుల మధ్య సమయాలు ఒకటి పొడవు, ఒకటి పొట్టిగా మారి మారి వస్తాయి. సమయాలను రాసిపెట్టుకుంటే ఈ లోపం వెంటనే బయటపడుతుంది.

తరువాత గొట్టాన్ని బాగా వదిలి అదే 628 మిల్లీలీటర్లను పది నిమిషాలలో పంపాను. ఇది గంటకు 120 మిల్లీమీటర్ల జోరు. ఈసారి దొప్పలు 96 సార్లే ఒరిగాయి. మరలు కదలలేదు, నీరు ఎక్కడా ఒలకలేదు. అయినా నాలుగు శాతం తగ్గింది. కారణం ఒరిగే తీరులోనే ఉంది. నిండిన దొప్ప కదలడం మొదలుపెట్టినప్పటి నుంచి గరాటు ధార కింద నుంచి పూర్తిగా తప్పుకునే దాకా కొంత సమయం పడుతుంది, ఆ సమయంలో పడే నీరు నిండిన దొప్పలోకే పోయి దానితో పాటు పారబోయబడుతుంది. వాన నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ క్షణంలో పడే నీరు ఏమంత ఉండదు. జోరుగా ఉన్నప్పుడు మాత్రం ప్రతి ఒరుగులోనూ 0.2 కంటే కొంచెం ఎక్కువ వాన పోతుంది, ఆ ఎక్కువైనది లెక్కకు రాకుండా జారిపోతుంది.

పది నిమిషాలలో 96 ఒరుగులంటే 6.25 సెకన్లకు ఒకటి. దొప్ప నిజంగా నిండడానికి పట్టినది 6 సెకన్లు, మిగిలిన పావు సెకను ఒరగడానికి పోయింది. అందువల్ల నా పరికరానికి సవరణ ఇలా కుదిరింది: రెండు ఒరుగుల మధ్య సమయం T సెకన్లయితే, ఆ ఒరుగు విలువ 0.2 కాదు,

```
0.2 × T ÷ (T − 0.25)
```

T ఒక నిమిషం ఉన్నప్పుడు ఇది అర శాతం కూడా ఉండదు. ఆరు సెకన్లకు దిగినప్పుడు నాలుగు శాతం దాటుతుంది. ఈ పావు సెకను నా దగ్గరున్న పరికరానిది మాత్రమే. వేరొకరి దొప్ప బరువు, ఇరుసు రాపిడి వేరుగా ఉంటాయి కనుక వారు తమ పరికరాన్ని తామే పరీక్షించుకోవాలి.

పునర్వసు కార్తె: రాత్రి పడిన పెద్దవాన

ఎదురుచూసిన వాన వచ్చింది. రాత్రి పది దాటాక మొదలై, మొదట ఇరవై నిమిషాలు కుండపోతగా కురిసి, తరువాత రెండున్నర గంటల పాటు సన్నగా సాగింది. ఉదయం ఎనిమిదిన్నరకు సీసా తీసి తూచాను. మన దేశంలో రోజువారీ వర్షపాతాన్ని ఉదయం 8:30కే చదువుతారు, అప్పటికి ముగిసిన ఇరవై నాలుగు గంటల వానను చదివిన రోజు తేదీ కింద రాస్తారు. రాత్రి కురిసిన వాన మరుసటి రోజు లెక్కలోకి రావడం అందుకే.

సీసాలో నీరు 984 గ్రాములు, ఉష్ణోగ్రత సవరణతో 987.5 మిల్లీలీటర్లు. 18.15తో భాగిస్తే 54.4 మిల్లీమీటర్లు. టిప్పింగ్ బకెట్ కార్డులో 262 ఒరుగులు నమోదయ్యాయి, అంటే 52.4 మిల్లీమీటర్లు. తేడా సరిగ్గా రెండు మిల్లీమీటర్లు. దీన్ని "రెండూ దాదాపు కలిశాయి" అని వదిలేయవచ్చు. కాని ఆ రెండు మిల్లీమీటర్లు చదరపు మీటరుకు రెండు లీటర్లు, అది ఎక్కడికి పోయిందో చూడాలనిపించింది.

262 ఒరుగులలో 180 మొదటి ఇరవై నిమిషాలవే. సగటున 6.67 సెకన్లకు ఒకటి. సవరణ వేస్తే ఒక్కో ఒరుగు విలువ 0.208 దగ్గరకు వస్తుంది, ఆ 180 ఒరుగులు 36 బదులు 37.4 మిల్లీమీటర్లవుతాయి. మిగిలిన 82 ఒరుగులు నింపాదిగా వచ్చినవి కాబట్టి వాటి 16.4 మిల్లీమీటర్లలో మార్పు లేనట్టే. కలిపితే 53.8. రెండు మిల్లీమీటర్ల తేడాలో 1.4 ఇక్కడ దొరికింది. ఇంకా 0.6 మిగిలింది. వాన ఆగినప్పుడు సగం నిండిన దొప్పలో కొంత నీరు ఉండిపోయింది, అది 0.2కు మించదు. మిగిలినది గరాటు తడికీ, ఒకటిన్నర మీటరు ఎడంగా ఉన్న రెండు నోళ్ల మీద గాలి ఆడిన తీరుకూ చెందుతుంది. మొత్తంలో అది ఒక శాతం కంటే తక్కువ. అంతకన్నా దగ్గరగా రెండు వర్షమాపకాలు కలుస్తాయని నేను ఆశించను.

మొత్తం విషయంలో సీసానే నమ్ముతాను, దానిలో కదిలే భాగం లేదు. అయితే సీసా చెప్పలేని సంగతిని దొప్పలు చెప్పాయి. వాతావరణ శాఖ వర్గీకరణలో రోజుకు 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా పడితే అది మోస్తరు వర్షం. ఆ లెక్కన 54.4 మోస్తరు వాన. కాని అందులో 37 మిల్లీమీటర్లు ఇరవై నిమిషాలలో పడింది, గంటకు 112 మిల్లీమీటర్ల జోరు. మడి గట్లు తెగినది ఆ ఇరవై నిమిషాలకే.

ఇదే సంగతిని పాత పద్ధతిలో రాసే సైఫన్ వర్షమాపకం వాతావరణ కేంద్రాలలో ఉంటుంది. గరాటు నుంచి నీరు తేలుడు బుర్ర ఉన్న గదిలోకి దిగుతుంది. బుర్ర పైకి లేచేకొద్దీ దానికి తగిలించిన కలం, రోజుకొక్కసారి తిరిగే డ్రమ్ము మీది కాగితంపై గీత గీస్తుంది. పది మిల్లీమీటర్లకు చేరగానే సైఫన్ గదిని ఖాళీ చేస్తుంది, కలం నిట్టనిలువుగా సున్నాకు పడుతుంది. నా రాత్రి వాన ఆ కాగితం మీద ఐదుసార్లు పడి, ఆరవసారి 4.4 దగ్గర ఆగిన గీతగా ఉండేది. మొదటి మూడు ఎక్కుడులు దాదాపు నిలువు గోడల్లా, తరువాతవి వాలుగా కనిపించేవి. గీత ఎంత నిలువుగా ఉంటే వాన అంత జోరు. వాన లేని వేళ గీత అడ్డంగా సాగుతుంది.

పుష్యమి కార్తె: లెక్క పొలానికి చేరినప్పుడు

చిన్నాయన వచ్చి కాగితం చూసి అడిగాడు: "రాత్రి అంత దంచికొడితే యాభై నాలుగు మిల్లీమీటర్లేనా? జానెడు కూడా లేదు కదరా."

లోతుగా చూస్తే అలాగే అనిపిస్తుంది. అందుకే ఆయనకు గుంటల్లో చెప్పాను. ఒక గుంట 101 చదరపు మీటర్లు, కాబట్టి ఒక్క మిల్లీమీటరు వానకు గుంట మీద 101 లీటర్లు పడతాయి. నలభై గుంటలు కలిసిన ఎకరానికి 4,047 లీటర్లు. ఆ రాత్రి ఎకరం మీద పడినది సుమారు 2,20,000 లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నలభై నాలుగు. చిన్నాయన కాసేపు ఆలోచించి, "మరి అందులో నా చేనులో నిలిచిందెంత?" అన్నాడు. దానికి వర్షమాపకం జవాబు చెప్పదు. అది నేలకు చేరిన నీటిని కొలుస్తుంది. ఇంకినది, పారినది ఎంతన్నది నేల రకం, వాలు, వాన జోరు తేలుస్తాయి.

ఆంధ్రలో సెంట్లలో లెక్కించేవారికి ఒక మిల్లీమీటరుకు సెంటుకు 40.5 లీటర్లు. ఇళ్ల స్థలాలకు 200 గజాలైతే 167 లీటర్లు. ఇంటి కప్పు మీది నీటిని ట్యాంకుకు మళ్లించాలనుకునేవారు పెంకుల వాలు మీద కొలిచిన వైశాల్యాన్ని కాక, కప్పు నేల మీద వేసే నీడంత వైశాల్యాన్ని తీసుకోవాలి. వర్షమాపకం అంచుకు రసమట్టం పెట్టిన కారణమే ఇక్కడా వర్తిస్తుంది. 90 చదరపు మీటర్ల కప్పు మీద ఆ రాత్రి 4,896 లీటర్లు పడింది. కప్పు తడవడానికి, తూములలో చిందడానికి కొంత పోతుంది కనుక ట్యాంకులోకి వచ్చేది అంతకంటే తక్కువే.

సీసా పరిమాణాన్ని కూడా ఈ వారమే మార్చాను. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. చదరపు మీటరుకు 650 లీటర్లు. నా నోటికి అది 11.8 లీటర్ల నీరు. నా మొదటి సీసా రెండు లీటర్లది, 110 మిల్లీమీటర్లకే నిండి పొర్లుతుంది. పొర్లిన తరువాత అది వాన ఎంత పడిందో కాదు, ఎంతకంటే ఎక్కువ పడిందో మాత్రమే చెప్పగలదు. ఇప్పుడు ఐదు లీటర్ల డబ్బా పెట్టి, దాన్ని మరో పెద్ద మూత బకెట్‌లో కూర్చోబెట్టాను. డబ్బా పొర్లినా నీరు బకెట్‌లోనే ఉంటుంది, రెండింటినీ కలిపి తూచవచ్చు. భారీ వాన హెచ్చరిక ఉన్న రోజుల్లో సాయంత్రం కూడా ఒకసారి తూచి ఖాళీ చేసి, ఉదయం రెండు తూకాలనూ కూడుతున్నాను.

ఆశ్లేష కార్తె: తేలికపాటి వానలో వచ్చిన అనుమానం

ఈ వారం ఒక సాయంత్రం వాన ఆగిన తరువాత కూడా కార్డులో ఒరుగులు నమోదవుతూనే ఉన్నాయి. దాదాపు ఐదు నిమిషాలకొకటి చొప్పున, చాలా సమంగా, గంటన్నరకు పైగా సాగాయి. నిజమైన వానలో విరామాలు ఇంత సమంగా ఉండవు. గాలికి కంబం అదిరి వచ్చే దొంగ లెక్కలైతే గుంపుగా, అస్తవ్యస్తంగా వస్తాయి. ఇంత క్రమంగా, క్రమక్రమంగా నెమ్మదిస్తూ వచ్చాయంటే గరాటులో నిలిచిన నీరు సన్నని సందు గుండా జారుతోందని అర్థం. విప్పి చూస్తే గరాటు కాడలో వేపాకు ఈనె అడ్డంగా ఇరుక్కుని, దాని మీద పక్షి రెట్ట పేరుకుని ఉంది.

ఆ రోజు మొత్తం మాత్రం తప్పలేదు. సీసాలో 9.3, దొప్పలలో 9.0 మిల్లీమీటర్లు. నీరు ఆలస్యమైంది, పోలేదు. పోయినది జోరు సమాచారం: అరగంటలో పడిన వాన రెండు గంటల సన్నని వానలా నమోదైంది. ఆ రోజు మొత్తాన్ని ఉంచి, ఒరుగుల సమయాలను లెక్కల నుంచి తీసివేశాను. గరాటు పూర్తిగా మూసుకుపోయి ఉంటే నీరు అంచు దాకా నిలిచి ఆవిరైపోయేది, కార్డులో సున్నా కనిపించేది. పక్కన సీసా లేకపోతే ఆ సున్నాను వాన లేని రోజుగానే భావించేవాళ్లం.

గరాటులో స్టీలు జల్లెడ పెట్టాను. జల్లెడ మీద కూడా కొంత తడి నిలుస్తుంది కనుక, 500 గ్రాముల నీటి పరీక్షను దానితో కలిపి తిరిగి చేయాలి, తరువాత 628 మిల్లీలీటర్ల తూకాన్ని నెమ్మదిగా ఒకసారి, జోరుగా ఒకసారి మళ్లీ చూడాలి. మఖ కార్తె వానలు పట్టేలోపు ఆ రెండు పనులూ పూర్తి చేస్తాను.